పాట కంటే ఒక బీట్ ముందు: స్కూల్ క్వయర్‌ను రెండు, మూడు, నాలుగు లెక్కల్లో నడిపించడం ఎలా

తాళం వేయడం మనలో చాలామందికి వచ్చు. పాట వింటూ తొడ మీద చెయ్యి వేస్తే చాలు, అదే నడుస్తుంది. క్వయర్ ముందు నిలబడి చెయ్యి ఆడించడం పైకి అలాగే కనిపిస్తుంది కానీ పని వేరు. తాళం వేసే చెయ్యి జరుగుతున్నదాన్ని లెక్కపెడుతుంది. క్వయర్‌ను నడిపించే చెయ్యి జరగబోయేదాన్ని ముందుగా చెబుతుంది. పిల్లలు మీ చేతిని చూసి, ఊపిరి తీసుకుని, నోరు తెరిచేసరికి దాదాపు ఒక బీట్ గడిచిపోతుంది. కాబట్టి మీ చెయ్యి ఎప్పుడూ పాట కంటే ఒక బీట్ ముందుండాలి. ఇక్కడ చెప్పేవన్నీ ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతాయి. రెండు, మూడు, నాలుగు లెక్కలకు చెయ్యి గాల్లో వేసే గీతలు నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. పాటకు ముందిచ్చే బీట్, అందుకోమని చేసే సైగ, ఆపడం చేతికి పట్టాలంటే కొన్ని వారాలు పడుతుంది.

ముందు ఒక బల్ల దగ్గర

పిల్లల ముందుకు వెళ్లకముందు నడుము ఎత్తున్న బల్ల ఒకటి చూసుకోండి. పాదాలు భుజాల వెడల్పున ఉంచి నిలబడండి. కుడి మోచేయి ఒంటికి అతుక్కోకుండా కొంచెం ఎడంగా, అరచెయ్యి నేలవైపు ఉండాలి. ఇప్పుడు వేళ్ల కొసలతో బల్లను తాకుతూ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పైకి లెక్కపెట్టండి. తాకిన ప్రతిసారీ చెయ్యి బంతిలా కొంచెం పైకి లేవాలి.

బల్ల ఎందుకంటే, బీట్ అనేది వేళ్లు తాకిన ఆ క్షణంలోనే ఉంటుంది. మిగతా కదలికంతా ఆ చోటికి రావడం, అక్కడి నుంచి పోవడం, అంతే. కొత్తవాళ్ల చేతిలో బీట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో పడుతుంటాయి. మొదటిది నడుము దగ్గర, రెండోది ఛాతీ దగ్గర, మూడోది భుజం దగ్గర. అప్పుడు వెనక వరుసలో ఉన్న పిల్లవాడికి బీట్ ఎక్కడ పడిందో అర్థం కాదు. పక్కవాడు పాడేదాకా ఆగి పాడతాడు. పాట వేగం తగ్గి సాగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. నాలుగు బీట్లూ ఒకే బల్ల మీద పడితే కన్ను ఆ చోటుకి అలవాటు పడుతుంది. పది నిమిషాల తర్వాత బల్ల పక్కకు జరిపేసి, అది ఇంకా అక్కడే ఉన్నట్టు చెయ్యి ఆడించండి. పిల్లలు మెట్ల మీద వరుసలుగా నిలబడితే ఆ కనిపించని బల్లను బొడ్డు నుంచి ఛాతీ కిందివరకు ఎత్తుకోవచ్చు. ఇంకా పైకి వద్దు, మీ ముఖం కనిపించకుండా పోతుంది. ముఖం చేసే పని చాలా ఉంది.

స్కూల్ క్వయర్‌ను నడిపించడానికి బ్యాటన్ అనే సన్నటి పుల్ల అక్కర్లేదు. ఖాళీ చెయ్యి చాలు, వేళ్లు దగ్గరగా, బిగబట్టకుండా.

మూడు గీతలు

దిక్కులన్నీ మీ వైపు నుంచి చెబుతున్నాను. పిల్లలకు అవి తిరగబడి కనిపిస్తాయి. వాళ్ల కోసం మీరు తిప్పి చేయొద్దు. ఎడమచేతి వాటం వాళ్లు కూడా గీతను కుడి చేతితోనే వేయడం ఆనవాయితీ, ఎందుకంటే ఈ పిల్లలే రేపు మరొకరి ముందు పాడాల్సి ఉంటుంది.

నాలుగుతో మొదలుపెట్టండి, అదే ఎక్కువ పాటల్లో వస్తుంది. ఒకటి నేరుగా కిందికి, ఛాతీ ఎముకకు ఎదురుగా. అక్కడి నుంచి కొంచెం ఎగిరి రెండు ఎడమవైపు. మూడు కుడివైపుకి, మధ్యగీత దాటుకుని, నాలుగింటిలోనూ ఇదే వెడల్పైన కదలిక. నాలుగు కుడి నుంచి లోపలికి వచ్చి, మధ్యకు కాస్త కుడిగా బల్లను తాకి, పైకి. కింద, ఎడమ, కుడి, పైకి అని పైకి అంటూ చేయండి.

మూడులో ఎడమ ఉండదు. ఒకటి కిందికి, రెండు కుడికి, మూడు లోపలికి తాకి పైకి. నాలుగుకి అలవాటు పడిన చెయ్యి రెండో బీట్‌కు తెలియకుండానే ఎడమకు పోతుంది, కాస్త జాగ్రత్త పడాలి. కింద, కుడి, పైకి.

రెండు చూడ్డానికి తేలిక, స్పష్టంగా చేయడమే కష్టం. చెయ్యి కిందికి వచ్చి ఒకటి తాకి, గాలపు కొక్కెంలా కుడివైపుకి వంపు తిరుగుతుంది. అదే దారిన తిరిగొచ్చి దాదాపు ఒకటి పడిన చోటే రెండు తాకి, పైకి వెళుతుంది. ఆ వంపు లేకపోతే చెయ్యి ఊరికే కిందికీ పైకీ ఊగుతుంది, ఏది ఒకటో ఏది రెండో తెలియదు. ఒకటి నుంచి ఆఖరి బీట్ దాకా ఒక చుట్టును బార్ అంటారు. ఆరు చిన్న లెక్కలున్న బార్‌లు కాస్త వేగంగా నడిచే పాటలను కూడా ఈ రెండుతోనే నడిపిస్తారు. ఒక్కో బీట్‌లో మూడేసి లెక్కలు ఇముడుతాయి. అలాంటి పాటకు ఆరు బీట్లూ వేయబోతే చేతికి ఊపిరాడదు, పాట ముక్కలవుతుంది.

మూడింటిలోనూ దొర్లే తప్పు ఒక్కటే: ఒకటి తాకాక చెయ్యి మరీ పైకి లేచిపోవడం. కిందికి వచ్చిన చెయ్యి మళ్లీ మొదలైనంత ఎత్తుకి లేస్తే, పిల్లల కంటికి అది చివరి బీట్‌లా కనిపిస్తుంది. దాని తర్వాత వచ్చేది మరో ఒకటి అనుకుంటారు. ఒకటి తర్వాత లేచే ఎత్తు, వచ్చిన దూరంలో మూడో వంతు దాటకుండా చూసుకోండి. పూర్తి ఎత్తుకి వెళ్లే హక్కు బార్‌లో ఆఖరి బీట్‌కే ఉంది. ఫోన్‌ను వెనక వరుస ఉండే చోట పెట్టి ఒక నిమిషం వీడియో తీసుకుని, శబ్దం తీసేసి చూడండి. ఒకటి ఎక్కడుందో మీకే తెలియకపోతే పిల్లలకూ తెలియదు.

గీత పరిమాణం గొంతు ఎంత పెద్దగా ఉండాలో చెబుతుంది, తాకే తీరు పాట నడక చెబుతుంది. మెల్లగా పాడాలంటే అరచెయ్యంత గీత, గట్టిగా పాడాలంటే భుజాల వెడల్పు. సాగదీసి పాడే వరుసకు చెయ్యి నూనెలో కదిలినట్టు ఉండాలి. తెంపి తెంపి పాడే వరుసకు వేడి పెనం తగిలినట్టు చురుక్కున లేవాలి.

మొదటి స్వరానికి ముందు

ఇక అసలు విషయం. పాట ఒకటో బీట్ మీద మొదలవుతుంటే, మీ చెయ్యి దాని ముందు బీట్ మీద మొదలవ్వాలి. ఆ ఒక్క కదలికలో వేగం, గొంతు స్థాయి, ఊపిరి మూడూ ఉంటాయి.

వరుసగా ఇలా చేయండి. ముందు శ్రుతి ఇచ్చి, అది పిల్లల చెవిలో కుదిరేదాకా ఆగండి. పాట మొదటి వరుసను మీ మనసులో అసలు వేగంలో పాడుకోండి, పెదవులు కదపకుండా. చేతులు సిద్ధంగా పైకెత్తి పూర్తిగా కదలకుండా ఉంచండి. వరుసల మీదుగా ఒకసారి చూపు తిప్పండి. అందరి కళ్లూ మీ మీదికి వచ్చాక ఒక్క బీట్ పైకి ఎత్తండి, ఎత్తుతూ మీరూ నోటితో ఊపిరి తీసుకోండి. చెయ్యి కిందికి వచ్చి తాకిన చోట పాట మొదలవుతుంది.

మనసులో పాడుకోవడం మానేస్తే ఏమవుతుందో చెబుతాను. చెయ్యి ఎత్తే కదలిక కంగారులో వేగంగా పోతుంది, ఒకటి తర్వాత గీత అసలు వేగానికి తగ్గుతుంది. పిల్లలు ముందు చూసిన వేగంతో మొదలుపెట్టి, రెండో బార్‌లో మీతో కొట్లాడతారు. మొదటి రెండు బార్‌లు ప్రతిసారీ గజిబిజిగా వచ్చి మూడో బార్ నుంచి సర్దుకుంటుంటే, తప్పు పిల్లల్లో వెతకకండి. మీరు ఇచ్చిన ముందు బీట్ పాట వేగంతో కలవలేదని అర్థం.

ఇంకో తప్పు, ఎత్తేముందు చెయ్యి చిన్నగా కిందికి కుదుపుకోవడం. మీకు అది తెలియదు కూడా. కానీ ముందు వరుసలో చురుకైన పిల్ల ఒకతె ఆ కుదుపునే ముందు బీట్ అనుకుని అందరికంటే ముందు పాడేస్తుంది. అందుకే చెయ్యి నిశ్చలంగా ఉండాలన్నాను.

పాట బార్ మధ్యలో మొదలైతే సూత్రం అదే: ఏ బీట్ మీద మొదలవుతుందో దాని ముందు బీట్ దిక్కులో కదలండి. మూడు లెక్కల పాట మూడో బీట్ మీద అందుకుంటే మీ ముందు బీట్ రెండు, అంటే చెయ్యి కుడికి కదులుతుంది, మూడు తాకేచోట గొంతు వస్తుంది. నాలుగు లెక్కల పాట నాలుగు మీద మొదలైతే ముందు బీట్ మూడు, అదీ కుడికే. నాలుగులో రెండు మీద మొదలైతే ముందు బీట్ ఒకటి, కిందికి. సాధనలో మొత్తం బార్ లెక్కపెట్టి మొదలుపెట్టినా ఫర్వాలేదు. వేదిక మీద మాత్రం నోటి లెక్క ఉండకూడదు కాబట్టి, ఆఖరి వారమంతా ఒక్క మౌనపు బీట్‌తోనే మొదలుపెట్టించండి.

మాటల గురించి ఒక సంగతి. బీట్ మీద పడాల్సింది అచ్చు. హల్లు దానికి ముందే వచ్చి ఉండాలి. పాట 'స్వరమే' అని మొదలైతే 'స్వ్' అన్న రెండు హల్లులూ బీట్‌కు ముందే నోట్లో తయారవ్వాలి, 'అ' బీట్ మీద విప్పుకోవాలి. 'స్' బీట్ మీద మొదలుపెడితే ఆ గుంపు మొత్తం వెనకబడినట్టు వినిపిస్తుంది. ఒత్తులున్న మాటలతో వరుస మొదలయ్యే ప్రతిచోటా ఇది చూసుకోండి.

ఎడమ చెయ్యి, సైగ

కుడి చేతిని అద్దంలోలా ఎడమ చేతితో అనుకరించడం అందరికీ సహజంగా వచ్చే అలవాటు. దాన్ని మాన్పించుకోవాలి. రెండు చేతులూ ఒకే మాట చెబుతుంటే రెండోదానికి విలువ ఉండదు. పని లేనప్పుడు ఎడమ చెయ్యి నడుము దగ్గర ఊరికే ఉండాలి. అది కదిలిందంటే ఏదో చెబుతోందని పిల్లలకు తెలియాలి.

విడదీయడానికి ఒక సాధన ఉంది. కుడి చెయ్యి నాలుగు గీత వేస్తూ ఉండగా, ఎడమ అరచెయ్యిని పైకి తిప్పి నాలుగు బీట్ల పాటు నడుము నుంచి ఛాతీదాకా నిదానంగా ఎత్తండి, మరో నాలుగు బీట్లలో అరచెయ్యి తిప్పి దించండి. ఎడమ చెయ్యి మెట్లు మెట్లుగా, బీట్ బీట్‌కూ ఆగుతూ వెళ్లిందంటే కుడి చేతిని అనుసరిస్తున్నట్టే. నీళ్లలో తేలినట్టు ఎక్కడా ఆగకుండా వెళ్లేదాకా చేయండి. రోజుకు ఐదు నిమిషాలు చేస్తే రెండు వారాల్లో తేడా కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక సందర్భాన్ని దగ్గరగా చూద్దాం. రెండు గొంతుల పాట, నాలుగు లెక్కలు, మెట్రోనోమ్ మీద 80, అంటే నిమిషానికి 80 బీట్లు. పై గొంతుల పిల్లలు మీ కుడివైపు, కింది గొంతుల పిల్లలు ఎడమవైపు నిలబడ్డారు. పై గొంతులు మొదటి బార్‌లో ఒకటి మీద మొదలుపెడతారు. కింది గొంతులు ఐదో బార్‌లో మూడు మీద అందుకోవాలి. అంటే పద్దెనిమిది బీట్లు వాళ్లు మౌనంగా నిలబడి ఉంటారు. అంతసేపు లెక్క గుర్తుపెట్టుకునే పిల్లలు ప్రతి వరుసలోనూ ఒకరిద్దరే ఉంటారు. మిగిలినవాళ్లు మీ కోసం చూస్తారు.

మీ సైగ నాలుగో బార్ మూడో బీట్ దగ్గర మొదలవుతుంది, అంటే వాళ్లు అందుకోవడానికి సరిగ్గా నాలుగు బీట్ల ముందు. 80 వేగంలో అది 3 సెకన్లు. అప్పటికి ఎడమ చెయ్యి కదలదు. తల, చూపు మాత్రం వాళ్ల వైపు తిరుగుతాయి. గుంపు మధ్యలో ఉన్న ఒక ముఖం మీద చూపు నిలిపితే చుట్టూ ఉన్న అందరికీ తమనే చూస్తున్నట్టుంటుంది. ఐదో బార్ ఒకటి: కనుబొమలు కొంచెం పైకి, ఇంకా ఏ కదలికా లేదు. ఐదో బార్ రెండు: ఎడమ చెయ్యి అరచెయ్యి పైకి ఉండేలా నడుము నుంచి మెత్తగా లేస్తుంది, మీరు వాళ్లతో పాటు ఊపిరి తీసుకుంటారు. మూడు: కుడి చెయ్యి గీతలో కుడికి పోతుంటే, ఎడమ చెయ్యి వాళ్ల వైపు విప్పుకుని, కొసన స్పష్టంగా తాకుతుంది. మొదటి మాట ఆకారం మీ పెదవుల మీద కనిపించాలి, శబ్దం రాకూడదు. మీరు పాడితే వాళ్లు పాడేది మీకు వినపడదు. పని అయ్యాక ఎడమ చెయ్యి మళ్లీ నడుము దగ్గరికి. ఇంతసేపూ కుడి చెయ్యి పై గొంతుల కోసం గీత ఆపకుండా వేస్తూనే ఉండాలి.

ఇందులో ఏది చెడినా, చెడిన తీరే కారణం చెబుతుంది. సగం మంది రెండు మీదే పాడేశారంటే, మీరు ఎడమ చేతిని ఎత్తినప్పుడు అది కుదుపుతో లేచింది, వాళ్లకు అదే బీట్‌లా కనిపించింది. ఎత్తడం మెత్తగా, విప్పడం మాత్రమే పదునుగా ఉండాలి. అందరూ కాస్త ఆలస్యంగా వచ్చారంటే, మీరు ఊపిరి తీసుకోలేదు. ఊపిరి లేని సైగకు పిల్లలు గాలి లేని గొంతుతో పాడతారు, మొదటి అక్షరం వినపడదు. ఒక్క పక్క వాళ్లు మాత్రమే వచ్చి మిగతావాళ్లు నోరు తెరవలేదంటే, చూపు గుంపు మీద కాకుండా ఏదో ఒక మూల పడింది. ఎవరూ రాలేదంటే, రెండో బీట్ దగ్గర మీరు పుస్తకంలోకి చూశారు. ఇది నాకూ జరిగింది. ఒక కార్యక్రమంలో పేజీ తిప్పడం కోసం తల దించాను, కింది గొంతుల వరుస మొత్తం నన్నే చూస్తూ మౌనంగా ఉండిపోయింది. పై గొంతులు ఒంటరిగా ఆరు బార్‌లు లాక్కొచ్చారు. అప్పటి నుంచి సైగలున్న చోటు పేజీ తిప్పే చోట పడితే, ఆ నాలుగు బార్‌లు విడిగా రాసుకుని ముందు పేజీకి అంటిస్తున్నాను.

సైగను వేలితో చూపించొద్దు. చూపుడు వేలు తప్పు చేసినవాణ్ణి ఎత్తిచూపే వేలు, పిల్లల గొంతు దానికి బిగుసుకుంటుంది. అరచెయ్యి తెరిచి ఉంటే ఆహ్వానిస్తున్నట్టు ఉంటుంది. అందుకునే గుంపు మీ కుడివైపు ఉంటే ఎడమ చేతిని ఒంటికి అడ్డంగా తీసుకెళ్లొద్దు, గీత కనిపించకుండా పోతుంది. ఒంటిని కాస్త అటు తిప్పి, చూపు నిలిపి, ఆ బీట్‌ను కుడి చేతితోనే అటువైపు వేయండి. పాట మొత్తంలో ఎన్నో చోట్ల సైగలు అవసరమనిపిస్తుంది. అన్నీ ఇవ్వబోతే చేతులు గాలిమర అవుతాయి. ఎక్కువసేపు మౌనంగా ఉండి అందుకునేవాళ్లకూ, అందరికంటే వేరుగా ఒక్కళ్లే మొదలుపెట్టేవాళ్లకూ చేతితో ఇవ్వండి. మిగిలినవాళ్లకు చూపు చాలు.

పాట పరుగెత్తినప్పుడు

గట్టిగా పాడే చోట పిల్లలు వేగం పెంచుతారు. ఆపాలని మీకు చెయ్యి పెద్దగా, బలంగా వేయాలనిపిస్తుంది. వాళ్లకు అది ఇంకా గట్టిగా పాడమన్నట్టు కనిపిస్తుంది, గట్టిగా పాడితే ఇంకా పరుగెడతారు. చేయాల్సింది తిరగబడి ఉంటుంది: గీతను సగానికి తగ్గించండి, తాకే చోటు పదునుగా ఉంచండి. చిన్న గీతను చూడాలంటే కళ్లు పెట్టి చూడాలి, చూసినప్పుడు వేగం మీ చేతికి వస్తుంది. పాట వేగం తగ్గి సాగిపోతున్నప్పుడు కూడా చిన్న గీతే మందు, ఎందుకంటే పెద్ద గీతను పూర్తి చేయడానికి మీ చేతికే సమయం చాలదు. కాలు నేలకేసి కొట్టడం, చిటికెలు వేయడం సాధనలో అలవాటు చేస్తే పిల్లలు చూడటం మానేసి వినడం మొదలుపెడతారు. వేదిక మీద అవి ఉండవు కాబట్టి అక్కడ దారి తప్పుతారు.

ఆపడం

పైన చెప్పిన పాట ఎనిమిదో బార్‌లో ముగుస్తుందనుకోండి. చివరి స్వరం మూడు బీట్లు, నాలుగో బీట్ మౌనం. ఆపాల్సింది నాలుగు మీద, మౌనం మొదలయ్యే చోట. మూడు చివర అని చెబితే ఒక్కొక్కరికి ఒక్కో చివర ఉంటుంది. ఒకటి, రెండు బీట్లలో చెయ్యి పెద్దగా కదలక్కర్లేదు, స్వరాన్ని మోస్తున్నట్టు నిలిపితే చాలు. మూడు మీద చెయ్యి కొంచెం పైకి లేచి చిన్న సున్నా చుట్టడం మొదలుపెడుతుంది, ఇది ఆపడానికి ముందు బీట్. నాలుగు మీద ఆ సున్నా మూసుకుంటుంది, వేళ్లు కలుస్తాయి. హఠాత్తుగా పిడికిలి బిగిస్తే పిల్లల గొంతు కూడా అలాగే బిగుసుకుని చివర్లో 'హక్' మంటుంది.

తెలుగు పాటకు ఇక్కడ ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. హల్లుతో ముగిసే మాటైతే ఆ హల్లు వేసే చోటే పాట ఆగుతుంది. 'గీతమా' అని సాగే 'ఆ' ను ఆపడానికి నోట్లో ఏ ఆధారమూ లేదు, ఒక్కొక్కరి గొంతూ ఒక్కో తోకలా మిగిలిపోతుంది. నోరు మూయమని చెప్పకండి, మూస్తే ఆఖరున 'మ్' వస్తుంది. నాలుగు మీద నోరు అలాగే తెరిచి ఉంచి ఊపిరి లోపలికి తీసుకోమనండి. గాలి లోపలికి వెళుతుంటే గొంతు తనంతట తానే ఆగుతుంది, ముప్పై మందీ ఒక్కసారి ఆగుతారు. మీరు కూడా సున్నా మూస్తూ అలాగే ఊపిరి తీసుకోండి. 'వనం' లాంటి మాటైతే సున్నా మూసుకునే చోట పెదవులు కలవాలి. మూడు బీట్లూ 'అ' మీదే ఉండాలి, 'మ్' నాలుగు మీద మాత్రమే. ముందే పెదవులు మూసేసే పిల్లలు ప్రతి వరుసలోనూ ఉంటారు, అప్పుడు చివరి స్వరం మూలుగులా వినిపిస్తుంది.

ఆగాక చేతుల్ని వెంటనే దించకండి. ఆ గదిలో శబ్దం ఇంకా తిరుగుతూ ఉంటుంది. మీ చెయ్యి పడితే పిల్లలు కదులుతారు, కాళ్లు మార్చుకుంటారు. వేళ్లు కలిపిన చోటే రెండు బీట్ల సేపు ఉంచి, ఆ తర్వాత నిదానంగా దించండి.